ముఖంపై పడే ఫోటోగ్రాఫర్ నీడ: బెంగళూరు ఎండలో కారణాలు, సవరణ

ఫోటో తీస్తున్న మనిషి నీడ గానీ, అతని చేతిలోని ఫోను నీడ గానీ ఎదుట నిలబడ్డవారి ముఖం మీద పడటం ఛాయాచిత్రణంలో తరచుగా ఎదురయ్యే లోపం. ముక్కు నీడ, కనుబొమల నీడ, టోపీ అంచు నీడ ముఖానికీ వేషానికీ చెందినవి. చెట్టుకొమ్మ నీడ పరిసరాలకు చెందినది. ఫోటోగ్రాఫర్ నీడకు వీటితో సంబంధం లేదు, అది చిత్రం తీసే చర్య వల్లనే పుడుతుంది. తీసే మనిషి కదిలితే అదీ కదులుతుంది, తప్పుకుంటే పోతుంది. దీన్ని సరిచేసే మార్గాలు రెండు. మొదటిది తీసే చోటనే నీడను ముఖం మీది నుంచి తప్పించటం. రెండవది, తీసిన చిత్రంలో నీడ పడ్డ మేరకు వెలుగునూ రంగునూ మళ్లీ సరిపోల్చటం. మొదటి దానికి ఒక అడుగు, రెండు క్షణాలు చాలు. రెండవది గంట పనైనా కొన్నిసార్లు పూర్తిగా కుదరదు.

బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఆ నగరంలో సూర్యుడు ఏ వేళ ఎంత ఎత్తున ఉంటాడో తెలిస్తే ఈ నీడ ఎప్పుడు ఎవరి ముఖం దాకా వస్తుందో ముందే లెక్క వేయవచ్చు. ఈ వ్యాసంలోని లెక్కలు ఆ నగరానివి. తెలుగు నేల మీద కొన్ని డిగ్రీల తేడాతో ఇవే వర్తిస్తాయి.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దపు స్టూడియోల్లో ఈ సమస్య దాదాపు లేదు. కెమెరా పెద్ద చెక్కపెట్టె, ముక్కాలిపీట మీద దూరంగా ఉండేది. వెలుగు గాజు పైకప్పు నుంచో, ఉత్తరపు కిటికీ నుంచో, తెరల గుండా వడగట్టుకుని వచ్చేది. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ కాలంలో ముఖచిత్రం తీయటమంటే మెత్తని వెలుగులో కదలకుండా కూర్చోబెట్టటమే. నేరుటెండ లేని చోట గట్టి నీడ పడదు.

చేతిలో పట్టుకునే కెమెరాలతో పరిస్థితి మారింది. 1888లో కొడక్, 1900లో అదే సంస్థ ఒక డాలరుకు అమ్మిన బ్రౌనీ కెమెరా ఇంటింటి వస్తువులయ్యాయి. వాటి కటకాలు చిన్నవి, ఫిల్ము నెమ్మదైనది, కనుక వెలుగు పుష్కలంగా కావాలి. సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడి తీయాలన్న సలహా అలా స్థిరపడింది. ఆ సలహా పాటించినవాళ్ల కుటుంబ ఆల్బములలో సాయంత్రపు చిత్రాల అడుగున టోపీ పెట్టుకున్న పొడవాటి నీడ ఒకటి తరచుగా కనిపిస్తుంది. అమెరికన్ ఛాయాచిత్రకారుడు లీ ఫ్రీడ్‌లాండర్ 1960లలో తన నీడను కావాలనే చిత్రాల్లో ఉంచి, దాన్ని ఒక శైలిగా మలచాడు. ఇతరులకు మాత్రం అది లోపంగానే మిగిలింది.

సినిమా ఛాయాగ్రాహకులు ఎండను నేరుగా వాడక, తిప్పి వాడే విద్యను పెంచుకున్నారు. మైసూరులో పుట్టి, బెంగళూరులోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో ఛాయాగ్రహణం చదివిన వి.కె. మూర్తి ‘కాగజ్ కే ఫూల్’ (1959) చిత్రంలో బయటి ఎండను అద్దాలతో స్టూడియో లోపలికి మళ్లించి వెలుగు ధార సృష్టించిన సంగతి ప్రసిద్ధం. వెలుగు వచ్చే దిక్కునూ కెమెరా ఉన్న దిక్కునూ వేరు చేయగలిగితే కెమెరా నీడ సమస్యే ఉండదు. ఇంటి పెరట్లో పట్టుకునే తెల్లని థర్మాకోల్ పలక వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

ఫోను కెమెరా వచ్చాక సమస్య మళ్లీ పెరిగింది. కారణం కటకమే. చాలా ఫోన్ల ప్రధాన కటకం విశాలమైన దృశ్యాన్ని పట్టేది కాబట్టి, ముఖం పెద్దగా రావాలంటే తీసేవారు దగ్గరకు వెళ్లక తప్పదు. కెమెరాను కంటికి ఆనించి తీసే పాత అలవాటు పోయి, చేతులు ముందుకు చాచి పట్టుకునే పద్ధతి వచ్చింది. ఒళ్లు దగ్గరైంది, ఫోను ఇంకా దగ్గరైంది, రెండింటి నీడలూ ముఖాన్ని అందుకుంటున్నాయి.

నీడ స్వభావం

ఆకాశంలో సూర్యబింబం దాదాపు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తుంది. అది ఒక చుక్క కాదు కాబట్టి ఏ నీడకైనా అంచు కత్తితో కోసినట్టు ఉండదు. లోపల సూర్యుడు పూర్తిగా మరుగుపడ్డ ప్రచ్ఛాయ, దాని చుట్టూ సగం సగం మరుగుపడ్డ పాక్షిక ఛాయ ఉంటాయి. అడ్డుగా ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో సుమారు నూట ఎనిమిదో వంతు వెడల్పున ఈ మసక అంచు ఏర్పడుతుంది. ఫోను ముఖానికి అర మీటరు దూరంలో ఉంటే అంచు అర సెంటీమీటరు కన్నా తక్కువ. మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి నీడకైతే దాదాపు మూడు సెంటీమీటర్లు. అందుకే ఫోను నీడ అచ్చు గుద్దినట్టు, నాలుగు మూలలతో పడుతుంది. దూరపు మనిషి నీడ మాసినట్టు పడుతుంది.

నీడ చీకటి కాదన్నది సవరణకు ఇంకా ముఖ్యమైన సంగతి. ఫోను అడ్డుకునేది సూర్యుణ్ణి మాత్రమే. ఆకాశం నుంచీ నేల నుంచీ వచ్చే వెలుగు ఆ చెంప మీద పడుతూనే ఉంటుంది. తెరిపి రోజున ఎండ పడ్డ చర్మానికీ నీడ పడ్డ చర్మానికీ వెలుగులో సుమారు నాలుగైదు రెట్ల తేడా ఉంటుంది. ఫోటోగ్రాఫర్ల లెక్కలో ఇది రెండు స్టాపులు, కొంచెం పైగా. నీడలో మిగిలిన వెలుగు ఎక్కువగా నీలాకాశానిది కాబట్టి అక్కడి చర్మం నల్లబడటంతో పాటు నీలిమ కూడా తిరుగుతుంది. తరువాతి చిక్కులన్నీ ఈ నీలిమ దగ్గరే మొదలవుతాయి. (చూడండి: తీసిన తరువాత సవరణ)

బెంగళూరు ఎండ

సూర్యుడు వీపు వెనక, తక్కువ ఎత్తున ఉన్నప్పుడే తీసేవారి నీడ ఎదుటివారి ముఖం దాకా వస్తుంది. బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ గడియారంలో పన్నెండు కాదు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది, నగరం దానికి దాదాపు అయిదు డిగ్రీలు పడమరగా ఉంది. అందువల్ల అసలు మధ్యాహ్నం సగటున 12 గంటల 20 నిమిషాలకు అవుతుంది. నవంబరు మొదట్లో అది కాస్త ముందుకు, ఫిబ్రవరి నడుమ కాస్త వెనక్కు జరుగుతుంది.

ఏడాదిలో సూర్యుడు అతి కిందుగా ఉండే డిసెంబరు చివరి వారంలో కూడా బెంగళూరు మధ్యాహ్నపు సూర్యుడు 53 డిగ్రీలు దాటే ఉంటాడు. ఆ ఎత్తులో, ఒక మీటరు దూరాన నిలబడ్డ మనిషి నీడ ఎదుటివారి మోకాలి దగ్గరే ఆగిపోతుంది. ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువుగా ఉన్న వస్తువుల నీడ వాటి కిందికే చేరుతుంది. నీడలేని రోజుగా పిలిచే ఆ సందర్భాన్ని కోరమంగళలోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ప్రజలకు చూపిస్తుంది. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకు ఒరిగి ఉంటాడు. సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడనుకుని చోటు ఎంచుకునేవారు వేసవిలో తడబడేది ఇక్కడే.

కాబట్టి నిలబడ్డవారి ముఖం మీద ఫోటోగ్రాఫర్ నీడ పడటం బెంగళూరులో పొద్దుటి, సాయంత్రపు సమస్య. నిజానికి ఫోటోలకు మంచివని అందరూ ఎంచుకునే నీరెండ వేళలు కూడా అవే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు పట్టిన రోజుల్లో ఈ సమస్య దాదాపు కనిపించదు.

ఒక ఉదాహరణ: విధాన సౌధ ముందు పాప

1956లో పూర్తయిన విధాన సౌధ ముఖద్వారానికి ఉదయపు ఎండ తగులుతుంది. దాని ఎదుటి దారిలో నిలబడి కట్టడం కనబడేలా ఫోటో తీసేవారికి సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. ఊరు చూపించటానికి వచ్చిన కుటుంబం డిసెంబరు చివర్లో ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడ ఉందనుకుందాం. అప్పుడు సూర్యుడి ఎత్తు కోణం సుమారు 23 డిగ్రీలు. తండ్రి ఎత్తు 1.7 మీటర్లు, నాలుగేళ్ల పాప ఎత్తు 1.05 మీటర్లు, పాప గడ్డం నేల నుంచి 0.88 మీటర్ల ఎత్తున ఉంది. తండ్రి మీటరున్నర దూరం నుంచి ఫోను పట్టాడు, సూర్యుడు సరిగ్గా అతని వెనక ఉన్నాడు.

23 డిగ్రీల కోణంలో ఎండ ఒక మీటరు ముందుకు సాగేసరికి 0.425 మీటరు కిందికి దిగుతుంది. మీటరున్నరకు 0.64 మీటరు. తండ్రి తల నీడ పాప ఉన్న చోట 1.7 లోంచి 0.64 తీసేయగా 1.06 మీటర్ల ఎత్తున పడుతుంది. అది పాప ఎత్తుతో సమానం, అంటే పాప నిలువునా నీడలో మునిగింది. అదే దూరంలో తల్లి నిలబడితే ఆమె ముఖానికి ఏమీ కాదు, నీడ ఛాతీ కిందే ఆగుతుంది. పెద్దల ఫోటోలన్నీ బాగా వచ్చి పిల్లల ఫోటోలే పాడవటానికి కారణం ఈ ఎత్తుల తేడా. కుర్చీలో కూర్చున్న ముసలివారి విషయంలోనూ ఇంతే.

నీడ ముఖాన్ని వదలాలంటే కనీసం ఎంత దూరం వెళ్లాలో ఈ సూత్రం చెబుతుంది:

```
d = (H - h) / tan(a)
```

ఇక్కడ H తీసేవారి ఎత్తు, h ఎదుటివారి గడ్డం ఎత్తు, a సూర్యుడి ఎత్తు కోణం. 1.7 లోంచి 0.88 తీసి 0.425తో భాగిస్తే దాదాపు 1.9 మీటర్లు వస్తుంది. తండ్రి అర మీటరు వెనక్కు జరిగి రెండు మీటర్ల దూరంలో నిలబడితే నీడ పాప గడ్డం కిందికి దిగుతుంది. ముఖం చిన్నగా వస్తుంది కాబట్టి రెండు రెట్ల జూమ్ వాడుకోవాలి. అయితే ఇలా తీస్తే నీడ పోదు, పాప గౌను మీదికి దిగుతుందంతే. ముఖం వరకే కావాలంటే ఇది చాలు, నిలువెత్తు చిత్రానికి చాలదు. చేతులెత్తి ఫోనును తలకన్నా పైకి పట్టినవారు H దగ్గర తమ ఎత్తు కాక ఫోను ఎత్తు వేసుకోవాలి.

వెనక్కు జరగటం కన్నా మంచి మార్గం గొంతుక్కూర్చోవటం. తండ్రి పాప ఎత్తుకు దిగితే అతని తల నీడ పాప దగ్గర 0.41 మీటరు ఎత్తున, మోకాళ్ల కాస్త పైన పడుతుంది. పాపను పైనుంచి కాక కంటికి ఎదురుగా చూస్తాడు కాబట్టి ముఖం కూడా సహజంగా వస్తుంది. కాకపోతే వెనక కట్టడం కన్నా ఆకాశం ఎక్కువగా కనబడుతుంది.

మూడో మార్గం పక్కకు జరగటం. మీటరున్నర దూరంలో అరవై సెంటీమీటర్లు పక్కకు కదిలితే నీడ కూడా అంత పక్కకు పోతుంది. ఎండ ముఖానికి సుమారు ఇరవై డిగ్రీల పక్క నుంచి తగిలి, ముక్కుకూ చెంపలకూ తీరు వస్తుంది. సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉంటే ముఖం పళ్లెంలా చదునుగా కనబడుతుంది, పైగా ఎదురెండకు పాప కళ్లు చికిలిస్తుంది. నీడ లేకపోయినా ఆ చోటు వదలటానికి ఇది చాలు. మోచేతులు చాచి పట్టుకుంటే నీడ వెడల్పవుతుంది కనుక, పక్కకు జరిగినప్పుడు మోచేతులు ఒంటికి ఆనించుకోవాలి.

ఫోను నీడ: సెల్ఫీ, పడుకున్న పసిబిడ్డ

సెల్ఫీలో ఎత్తుల లెక్క పనికిరాదు, కోణమే లెక్క. పదహారు సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫోను ముఖానికి అర మీటరు దూరంలో ఉందనుకుందాం. సూర్యుడు సరిగ్గా ఫోను వెనక ఉన్నప్పుడు దాని నీడ ముఖంలో సగం కప్పుతుంది. నిలువుగా పట్టిన ఫోను నీడ ముఖాన్ని పూర్తిగా దాటాలంటే చేతిని పక్కకు పదమూడు డిగ్రీలు, లేదా పైకీ కిందికీ ఇరవై డిగ్రీలు తిప్పాలి. పక్కకు తిప్పటమే సులువు. తలా చెయ్యీ కలిపి ఒంటినంతా కాస్త తిప్పి నిలబడితే సరి. సెల్ఫీ కర్ర వాడినా ఇదే పద్ధతి, కానీ కర్ర నీడ సన్నగీతలా ముక్కు మీద నుంచి సాగటం గమనించకపోతే సవరించటం మరీ కష్టం.

చాప మీద పడుకోబెట్టిన పసిబిడ్డను పైనుంచి తీసేటప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. నిలబడ్డవారికి ఏ చిక్కూ తేని ఏప్రిల్ మధ్యాహ్నం ఇక్కడ అన్నిటికన్నా చెడ్డ వేళ. సూర్యుడు నడినెత్తిన, ఫోను బిడ్డ మీద, ముఖం ఆకాశం వైపు, మూడూ ఒకే గీతలో ఉంటాయి. అసలు పసిబిడ్డను ఆ ఎండలో పడుకోబెట్టకూడదు. వరండా అంచున, ఎండ నేరుగా పడని చోట, తల ఆకాశం కనిపించే వైపుకు పెట్టి తీస్తే ఫోను నీడ గట్టిగా పడదు.

ఇంట్లో పైకప్పు బల్బు కింద ఇదే జరుగుతుంది. బల్బు చిన్నదైతే నీడ గట్టిది. నాలుగడుగుల ట్యూబులైటు కింద మాత్రం నీడ ఒక దిక్కున మాసిపోయి, ఇంకో దిక్కున గీసినట్టు ఉంటుంది. ఫోనును ట్యూబుకు అడ్డంగా పట్టాలి, అంటే ఫోను పొడవు ట్యూబు పొడవుకు లంబంగా ఉండాలి. అలా పట్టితే ఫోను సన్నని వైపు ట్యూబు వెంట వస్తుంది, నీడ పలచబడుతుంది.

గుర్తించటం

ఈ నీడను తీసే క్షణంలో చూడకపోవటానికి కారణాలున్నాయి. ఎండలో ఫోను తెర సరిగా కనబడదు. పైగా కొత్త ఫోన్లు ముఖాన్ని గుర్తించి నీడ భాగాన్ని తామే కాస్త తేలికపరచి చూపిస్తాయి. కాబట్టి తెర మీద కాక, నేరుగా ఎదుటివారి ముఖాన్నే చూడాలి. అనుమానం వస్తే ఫోనును అటూ ఇటూ ఊపాలి. చెంప మీది నీడ దానితోపాటు ఊగితే అది ఫోనుది. ఊగకపోతే కొమ్మదో, కరెంటు తీగదో, కళ్లజోడు చట్రానిదో అయి ఉంటుంది.

తీసిన చిత్రంలోనైతే ఆకారమే సాక్ష్యం. తిన్నటి అంచూ గుండ్రటి మూలా ఉంటే ఫోను. పైన గుండ్రంగా, రెండు పక్కలా ముక్కోణపు సందులతో ఉంటే తలా మోచేతులూ. మెడ మీదా ముఖం మీదా వెనక గోడ మీదా ఒకే నీడ విరిగి విరిగి సాగితే ఆ గీతలను వెనక్కు కలిపి చూస్తే సూర్యుడి దిక్కు తెలుస్తుంది.

తీసే చోట: ఎదురు వెలుగు

కదలటానికి చోటు లేని సందర్భాల్లో, ఉదాహరణకు వరుస కట్టిన జనం నడుమ, నీడ తేడాను ఎదురు వెలుగుతో తగ్గించవచ్చు. తెల్లని థర్మాకోల్ పలక, ఉతికిన పంచె, చివరికి దినపత్రిక అయినా సరే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పలకను ఫోటోగ్రాఫర్ పక్కనే, ఎదుటివారికి ఎదురుగా పట్టిస్తారు. పలక కూడా ఫోటోగ్రాఫర్ నీడలోనే ఉంటే, లేదా దాని ముందరి వైపు ఎండ తగలకపోతే, అది వెనక్కు పంపేదేమీ ఉండదు. సూర్యుడు వీపు వెనక ఉన్నప్పుడు పలకను ఎదుటివారి పక్కగా, ఎండ దాని ముఖాన పడేలా వాల్చి పట్టాలి. ఫోటోగ్రాఫర్ తెల్లచొక్కా వేసుకుంటే లాభమనేవారూ ఉన్నారు. ఆ చొక్కా ముందు భాగం నీడలోనే ఉంటుంది కనుక అది పెద్దగా పని చేయదు.

తెల్లపలక నీడను చెరపదు. నాలుగు రెట్ల తేడాను రెండు రెట్లకు దగ్గరగా తీసుకొస్తుంది, అంచు మాత్రం అలాగే ఉంటుంది. ఫోను దీపం నేరుటెండలో చెయ్యి చాచినంత దూరం దాటితే కనబడదు. ప్రత్యేక ఫ్లాష్ ఈ తేడాను తగ్గించగలదు, కానీ అది పాక్షిక ఛాయ అంచును పూర్తిగా దాచలేదు. ఇవన్నీ చేసేకన్నా కబ్బన్ పార్కులోనైతే చెట్టు కిందికీ, వీధిలోనైతే గోడ నీడలోకీ అందరూ జరిగితే సరిపోతుంది. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి జారే ఎండ మచ్చలు ముఖాన పడకుండా చూసుకోవాలి, లేకపోతే ఒక పెద్ద నీడ పోయి పది చిన్న మచ్చలు వస్తాయి.

తప్పనిసరిగా సగం నీడ, సగం ఎండలో తీయవలసి వస్తే వెలుగు కొలత ఎండ పడ్డ చెంప మీద పెట్టాలి. తెర మీద అక్కడే తాకి, అవసరమైతే ఇంకొంచెం తగ్గించాలి. నీడ భాగంలో వివరం దాగి ఉంటుంది, తరువాత పైకి తేవచ్చు. తెల్లగా కాలిపోయిన చెంపలో మాత్రం ఏమీ మిగలదు. వీలైతే ముడి దత్తాంశంగా, అంటే రా రూపంలో, భద్రపరచాలి.

తీసిన తరువాత సవరణ

నీడను తీసివేయటమంటే తెల్లరంగు పూయటం కాదు, పోయిన ఎండను లెక్క కట్టి తిరిగి ఇవ్వటం. నీడలో ఉన్న ప్రతి బిందువుకూ అది ఎండలో ఉండి ఉంటే ఎంత వెలుగు వచ్చేదో ఆ నిష్పత్తిలో పెంచాలి. ఈ నిష్పత్తి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఒకటే కాదు.

ఒక చెంప మీద ఎండ పడ్డ చోట మూడు రంగుల విలువలు 190, 140, 110 అనీ, గీతకు అవతల నీడలో 95, 75, 66 అనీ అనుకుందాం. ఈ అంకెలు తెరకు అనువుగా వంచి రాసినవి కాబట్టి నేరుగా భాగించకూడదు, ముందు అసలు వెలుగు లెక్కలోకి మార్చాలి. అలా మార్చి భాగిస్తే ఎరుపును 4.5 రెట్లు, ఆకుపచ్చను 3.7 రెట్లు, నీలాన్ని 2.9 రెట్లు పెంచాలని తేలుతుంది. మూడింటినీ సమానంగా నాలుగు రెట్లు పెంచినవారికి వెలుగు సరిపోతుంది, కానీ చెంప బూడిద నీలంగా, జ్వరం తగిలినట్టు కనిపిస్తుంది. కొత్తగా నేర్చినవారి సవరణలో ఎక్కువగా బయటపడే తప్పు ఇదే. వెలుగు పెంచాక ఆ భాగానికి మాత్రమే రంగు వెచ్చదనం కూడా పెంచాలి.

గింప్‌లో గానీ ఫోటోషాప్‌లో గానీ పని ఇలా సాగుతుంది. చిత్రపు పొరకు నకలు తీసి, ఆ నకలులో నీడ చర్మం పక్కనున్న ఎండ చర్మంతో సరిపడేదాకా వెలుగూ వెచ్చదనమూ పెంచాలి. అప్పుడు మిగతా ముఖమంతా తెల్లగా కాలిపోతుంది, ఫర్వాలేదు. తరువాత ఆ పొరకు నల్లని ముసుగు వేసి, నీడ ఉన్న మేరకే తెల్లని కుంచెతో తెరవాలి. కుంచె అంచు మెత్తదనం నీడ అంచుతో సరిపోవాలి. ఫోను నీడకు సన్నగా, దూరపు మనిషి నీడకు వెడల్పుగా ఉండాలి. సరిపోకపోతే గుర్తు వెంటనే తెలుస్తుంది. ముసుగు నీడ దాటి బయటికి వస్తే ముఖం మీద తెల్లటి గీత, లోపలే ఆగితే నల్లటి గీత పడుతుంది.

గీత పోయాక కూడా అంచున ఒక ఎర్రటి చార మిగలవచ్చు. చర్మం గోడలాంటిది కాదు. ఎండ పడ్డ చోట లోపలికి దిగిన వెలుగులో ఎరుపు భాగం చర్మం కిందగా పాకి నీడ వైపు పైకి వస్తుంది. అందువల్ల ఎరుపులో నీడ అంచు మెత్తగా, నీలంలో గట్టిగా ఉంటుంది. ఒకే ముసుగుతో మూడు రంగులనూ సవరిస్తే ఆ చార తప్పదు. అంచు వెంట సన్నని కుంచెతో ఎరుపును కొద్దిగా తగ్గించటమే దానికి మందు.

చివరి పని మెరుపు. ఎండ పడ్డ నుదుటికీ ముక్కు కొసకూ చెమట మీద సన్నని మెరుపు ఉంటుంది. నీడలో ఆ మెరుపు పుట్టనే లేదు, కనుక ఎంత పెంచినా రాదు. సవరించిన భాగం పొడి పూసినట్టు మొద్దుగా కనిపించటానికి కారణం ఇది. మెరుపు లేని చెంప భాగమైతే ఎవరూ గుర్తించరు, నుదురు మధ్యలో గీత పడితే గుర్తిస్తారు. కంటిలోని వెలుగు చుక్క సంగతీ అంతే. ఒక కంటికి ఉండి రెండో కంటికి లేకపోతే, చిత్రంలో ఏదో తేడా ఉందని చూసేవారికి అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు.

నీడ పడ్డ భాగాన్ని రెండు స్టాపులు పెంచితే అక్కడి రవ్వలు కూడా పెరుగుతాయి. మసక వెలుతురులో తీసిన చిత్రంలో అది సహించరానంత కావచ్చు. అప్పుడు పూర్తిగా తీసే ప్రయత్నం మాని తేడాను సగానికి తగ్గించటం మేలు. పలచని నీడను కళ్లు సహజంగా ఒప్పుకుంటాయి, చెరిపిన గుర్తును ఒప్పుకోవు. చిత్రం మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చటం కూడా ఒక ఉపాయం. నీలిమా, ఎర్రచారా రెండూ ఒక్కసారిగా పోతాయి, సరిచేయవలసింది వెలుగు మాత్రమే.

కంప్యూటరు పద్ధతులు

నీడను యంత్రం తానే కనిపెట్టి తీసివేయటానికి 2002లో గ్రాహం ఫిన్లేసన్, స్టీవెన్ హోర్డ్లీ, మార్క్ డ్రూ ప్రతిపాదించిన పద్ధతి ఎండకూ ఆకాశానికీ ఉన్న రంగు తేడా మీదే ఆధారపడింది. వెలుగు రంగు మారినా మారని బూడిద చిత్రాన్ని లెక్క కట్టి, అసలు చిత్రంలో ఉండి దానిలో లేని అంచులను నీడ అంచులుగా తీసుకున్నారు. ఆరుబయటి దృశ్యాలకు ఇది సరిపోయింది.

ముఖాల కోసం ప్రత్యేకంగా 2020లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. వారు ముఖం మీది నీడలను రెండుగా విభజించారు. బయటి వస్తువు నుంచి వచ్చి పడ్డది పరాయి నీడ, ముఖానిదే అయినది ముఖ నీడ. మొదటిదాన్ని పూర్తిగా తీసేయాలి, రెండవదాన్ని మెత్తబరచాలి కానీ తీసేయకూడదు. తీసేస్తే ముఖం ఆకారమే పోతుంది. నీడ ఉన్నదీ లేనిదీ అయిన ఒకే ముఖపు జంట చిత్రాలు తగినన్ని దొరకవు కాబట్టి, నీడ లేని ముఖాల మీద వారే కృత్రిమ నీడలు వేసి యంత్రానికి నేర్పారు. ఆ నీడలకు రంగు తేడా, మారుతూ పోయే అంచు మెత్తదనం, చర్మం లోపల వెలుగు పాకే గుణం మూడూ కలిపారు. చేతితో సవరించేవారిని ఇబ్బంది పెట్టేవీ సరిగ్గా ఈ మూడే.

గుర్తింపు చిత్రాల్లో నీడ

ప్రయాణ పత్రాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం ముఖం మీద వెలుగు సమంగా పడాలి, నీడ ఉండరాదు. మార్పులు చేసిన చిత్రాన్ని కూడా అవి ఒప్పుకోవు. అంటే పాస్‌పోర్టు ఫోటోలో నీడ పడితే పైన చెప్పిన సవరణలేవీ పనికిరావు, మళ్లీ తీయవలసిందే. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, వారణాసిలతో పాటు బెంగళూరు విమానాశ్రయంలో మొదలైన డిజియాత్రలో ప్రయాణికులు తమ ముఖచిత్రాన్ని ఫోనులో తామే తీసుకుని నమోదు చేసుకుంటారు. అటువంటి చిత్రానికి కిటికీ ఎదురుగా, దానికి ఒకటి రెండు మీటర్ల లోపల, నేరుటెండ పడని చోట నిలబడటం మంచిది. కిటికీ వెడల్పు ఫోను వెడల్పుకు ఎన్నో రెట్లు కాబట్టి ఫోను ముఖానికీ కిటికీకీ నడుమ ఉన్నా గట్టి నీడ పడదు. నెత్తిమీద బల్బు వెలుగుతుంటే ఆర్పేయాలి, లేకపోతే దాని నీడలు కనుబొమల కింద మిగిలిపోతాయి.